డెబ్బై దాటాక బీడీ మానేస్తే ఒరిగేదేమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. యాభై ఏళ్ళుగా రోజుకు ఇరవై బీడీలు తాగుతున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చూపిస్తే, ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని సీవోపీడీ అనే జబ్బు అన్నారు. ఊపిరి పరీక్షలో 1.3 లీటర్లు, 55 శాతం అని వచ్చింది. షుగర్, బీపీ మాత్రలు, రోజూ డెరిఫిల్లిన్ వేసుకుంటారు. బీడీ మానమంటే "ఈ వయసులో మానేసి ఏం బావుకుంటాను? మీ పెదనాన్న మానేసిన ఆరు నెలలకే పోయాడు" అంటున్నారు. నిజంగా ఆలస్యమైపోయిందా? ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమా?

జవాబు:

ఆలస్యం కాలేదు. ఒక్కసారిగా మానేసినా ప్రమాదం లేదు. అయితే మీరు రాసిన మందుల్లో ఒకదాని డోసు గురించి మాత్రం మానేసే ముందే డాక్టరుతో మాట్లాడాలి. అది కింద వివరంగా రాస్తాను.

నేను ఛాతీ వ్యాధుల వైద్యుడిని. నా ఓపీకి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది బీడీయో చుట్టో తాగినవాళ్ళే. మీ నాన్నగారు అన్న మాట వాళ్ళ నోట తరచుగా వింటుంటాను. అందుకే ముందు మీ పెదనాన్నగారి సంగతి తీసుకుంటాను. ఆ అనుమానం తీరకపోతే ఎన్ని లెక్కలు చెప్పినా ఆయన చెవికి ఎక్కవు.

మీ పెదనాన్నగారు బీడీ ఎందుకు మానేశారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. చాలా ఇళ్ళలో వచ్చే జవాబు ఒకటే: "తాగలేకపోయాడు", లేకపోతే "నోటికి సయించలేదు". ఏళ్ళ తరబడి తాగిన మనిషికి ఉన్నట్టుండి పొగ మీద విరక్తి పుట్టిందంటే మేము సంతోషించం, అనుమానిస్తాం. ఊపిరితిత్తుల్లో గడ్డ పెరుగుతున్నప్పుడు, గుండె బలహీనపడుతున్నప్పుడు, టీబీ ముదురుతున్నప్పుడు ఆకలి చచ్చిపోతుంది, దగ్గు ఎక్కువై పొగ లోపలికి పోదు. అప్పుడు మనిషి తనంతట తానే మానేస్తాడు. జబ్బు అప్పటికే లోపల ఉంది. కొన్ని నెలలకు అదే ప్రాణం తీస్తుంది. చూసేవాళ్ళకు ముందు మానేయడం, తర్వాత చావు కనిపిస్తాయి కాబట్టి మొదటిది రెండోదానికి కారణమని అనుకుంటారు. పొగాకు మీద పరిశోధన చేసేవాళ్ళకు ఈ చిక్కు బాగా తెలుసు. మానేసిన మొదటి ఒకటి రెండేళ్ళలో జరిగిన చావులను విడిగా పెట్టి లెక్కిస్తే, మానేసినవాళ్ళు తాగుతూ ఉన్నవాళ్ళకంటే ఎక్కువ కాలం బతుకుతున్నారని తేలుతుంది. అరవై దాటినవాళ్ళలోనూ, డెబ్బై దాటినవాళ్ళలోనూ అంతే.

మీ పెదనాన్నగారి విషయంలో ఏం జరిగిందో నేను చెప్పలేను. కానీ జబ్బు మాన్పించిన మనిషికీ, ఒంట్లో ఓపిక ఉండగా తానుగా మానేసే మనిషికీ పోలిక లేదని మీ నాన్నగారికి చెప్పండి. ఆయన ఈరోజు రెండో కోవలో ఉన్నారు.

ఇక "ఒంటికి అలవాటైపోయింది, ఆపితే ఒళ్ళు తట్టుకోలేదు" అనే భయం. ఇది మద్యం విషయంలో నిజం. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. నికోటిన్ అలాంటిది కాదు. ఆపితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి పెరగడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. మొదటి వారం బాగా కష్టంగా గడుస్తుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. ప్రాణాపాయం ఉండదు.

అయినా ఈ భయం పోకుండా ఉండటానికి కారణాలున్నాయి. మానేసిన కొత్తలో కొందరికి నిజంగానే కొన్ని ఇబ్బందులు వస్తాయి. అవి ఎందుకు వస్తున్నాయో ఎవరూ చెప్పరు. దాంతో "నాకు మానేస్తే పడలేదు" అని మళ్ళీ అంటించేస్తారు. మీ నాన్నగారికి రాగలిగినవి మూడు ఉన్నాయి.

మొదటిది దగ్గు. ఊపిరి గొట్టాల లోపలి గోడల మీద సన్నటి నూగు ఉంటుంది, కఫాన్ని, మసిని పైకి తోసేయడం దాని పని. పొగ దాన్ని మొద్దుబారుస్తుంది. మానేశాక కొన్ని వారాల్లో అది మళ్ళీ పని అందుకుంటుంది. అంతకాలం లోపల పేరుకున్నదంతా బయటికి రావాలి కాబట్టి దగ్గు, కఫం కొన్నాళ్ళు పెరగవచ్చు. ఇది అందరికీ రాదు, వచ్చినా వారాల్లో తగ్గుతుంది. ఈ సమయంలో దగ్గు నొక్కేసే సిరప్ పోయకండి, కఫం బయటికి రానివ్వండి, నీళ్ళు బాగా తాగించండి. కానీ కఫంలో రక్తం చార కనిపించినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా "మానేసినందువల్లేలే" అని ఊరుకోకూడదు. ఎక్స్‌రే తీయించాలి, కఫం టీబీ పరీక్షకు ఇవ్వాలి.

రెండోది పొద్దున్నే కడుపు కదలకపోవడం. మా పేషెంట్లలో సగంమంది నసుగుతూ చెప్పే విషయం ఇది. బీడీ పీకితే తప్ప దొడ్డికి రాదు. ఇది మనసు భ్రమ కాదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది, యాభై ఏళ్ళుగా పేగులు ఆ కుదుపుకి అలవాటుపడ్డాయి. ఆపితే కొన్ని వారాలు మలబద్ధకం ఉంటుంది. దీనికి మందు తేలిక: రాత్రిపూట ఇసబ్గోల్ ఒక గ్లాసు నిండా నీళ్ళతో, లేదా డాక్టరు రాసే లాక్టులోజ్ సిరప్. మానేసే రోజు నుంచే మొదలుపెట్టండి. వారం రోజులు కడుపు బిగిసి ఉంటే ఎంత గట్టి మనిషైనా బీడీ కట్ట వెతుక్కుంటాడు. ఎన్నో ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోతాయి, ఈ సంగతి ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ తెలియదు.

మూడోది డెరిఫిల్లిన్. పైన నేను చెప్పిన మందు ఇదే. దీనిలో థియోఫిల్లిన్, దాని బంధువైన ఎటోఫిల్లిన్ ఉంటాయి. పొగలోని తారు పదార్థాలు కాలేయంలో ఒక ఎంజైమును ఎక్కువగా తయారు చేయిస్తాయి. ఆ ఎంజైము థియోఫిల్లిన్‌ని తొందరగా విరిచేస్తుంది. అంటే బీడీ తాగే మనిషి ఒంట్లో ఈ మందు మామూలుకంటే త్వరగా ఖర్చవుతుంది, ఆయనకు సరిపడే డోసు కూడా ఆ ఖర్చుకు తగ్గట్టే కుదిరి ఉంటుంది. బీడీ ఆపాక వారం తిరిగేసరికి ఆ ఎంజైము తగ్గిపోతుంది. వేసుకునే మాత్ర అదే, కానీ రక్తంలో మందు పెరుగుతుంది. వికారం, వాంతులు, చేతులు వణకడం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. బాగా పెరిగితే గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్ళకు కనిపించేది ఒక్కటే: బీడీ మానేశాడు, వాంతులు, దడ పట్టుకున్నాయి. మళ్ళీ బీడీ తాగితే తగ్గుతుంది కూడా, ఎందుకంటే ఎంజైము మళ్ళీ పెరుగుతుంది! బీడీయే మందని నమ్మడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి మానేసే ముందే డాక్టరుకి చెప్పండి. సాధారణంగా మొదటి వారంలోనే థియోఫిల్లిన్ డోసును నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గిస్తాం. పీల్చే మందులు సరిగ్గా వాడుతున్నవాళ్ళకు చాలాసార్లు ఈ మాత్రే ఆపేస్తాం, సీవోపీడీలో ఇప్పుడు దాని స్థానం చిన్నది. మీ అంతట మీరు తగ్గించవద్దు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మానేసిన కొత్తలో ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఎవరైనా సిప్రోఫ్లాక్సాసిన్ గానీ క్లారిత్రోమైసిన్ గానీ రాస్తే, డెరిఫిల్లిన్ వాడుతున్నామని తప్పక చెప్పండి. ఆ యాంటీబయాటిక్స్ కూడా థియోఫిల్లిన్‌ని రక్తంలో పెంచేవే. రెండూ కలిసినప్పుడు ఇబ్బంది గట్టిగా వస్తుంది.

కాఫీలోని కెఫీన్‌ని విరిచేది కూడా అదే ఎంజైము. రోజుకు నాలుగు కాఫీలు తాగే మనిషి బీడీ ఆపాక అవే నాలుగు తాగితే ఒంట్లో ఎక్కువ కాఫీలు తాగినంత పని జరుగుతుంది. రాత్రి నిద్ర పట్టదు, చిరాకు రెట్టింపవుతుంది, నింద బీడీ మానడం మీద పడుతుంది. కాఫీని సగానికి తగ్గించి, మధ్యాహ్నం తర్వాత ఇవ్వకండి. షుగర్ విషయంలో మొదటి నెల రెండు నెలలు కొంచెం తరచుగా చూసుకోండి. ఆకలి పెరిగి తిండి పెరిగితే షుగర్ పెరగవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ళలో కొందరికి తగ్గిపోనూ వచ్చు.

ఇప్పుడు మీ నాన్నగారి అసలు ప్రశ్నకు వద్దాం. మానేస్తే ఆయనకు దక్కేదేమిటి?

ముందు ఆయుష్షు లెక్క దాచకుండా చెబుతాను. 1951లో బ్రిటన్‌లో డాక్టర్ల మీదే మొదలై యాభై ఏళ్ళు సాగిన పరిశీలనలో, ముప్పై ఏళ్ళకు మానేసినవాళ్ళకు సగటున పదేళ్ళ ఆయుష్షు తిరిగి వచ్చింది, అరవైకి మానేసినవాళ్ళకు మూడేళ్ళు. 2024లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకా పెద్ద వయసుకి లెక్కవేశారు. 65కి మానేస్తే సగటున 1.7 ఏళ్ళు, 75కి మానేస్తే 0.7 ఏళ్ళు. మీ నాన్నగారు ఈ రెండింటి మధ్య ఉన్నారు. ఇది చూసి "ఇంతేనా" అనిపించడం సహజం. కానీ సగటు అంటే అందరికీ తలా ఎనిమిది నెలలు పంచినట్టు కాదు. 75కి మానేసినవాళ్ళలో వందకు సుమారు 14 మందికి కనీసం ఏడాది ఆయుష్షు కలుస్తుంది, 65కి మానేస్తే వందకు సుమారు 23 మందికి. మిగిలినవాళ్ళలో చాలామందికి అసలేమీ కలవకపోవచ్చు, వేరే ఏదో కారణంతో ముందే పోతారు కాబట్టి. మీ నాన్నగారు ఏ గుంపులో పడతారో ముందే తెలుసుకునే పరీక్ష లేదు.

అయితే నా అనుభవంలో డెబ్బై దాటినవాళ్ళు ఆయుష్షు కోసం మానరు. "ఎన్నేళ్ళు బతికినా ఫర్వాలేదు, మంచంలో పడి ఒకళ్ళ చేత చేయించుకోకూడదు" అంటారు. మానేయడం వల్ల ఈ వయసులో కలిగే మేలు ఎక్కువగా కనిపించేది సరిగ్గా అక్కడే. దాన్ని ఆయన రిపోర్టుతోనే చూద్దాం.

రిపోర్టులో ఉన్న 1.3 లీటర్లు అంటే, గట్టిగా పీల్చి ఒక్క ఊపున వదిలితే మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి. దీన్ని ఎఫ్‌ఈవీ1 అంటారు. ఆయన వయసుకి, ఎత్తుకి ఉండాల్సినదాంట్లో ఇది 55 శాతం. పొగ తాగని వాళ్ళకు కూడా వయసుతో ఇది కొద్దికొద్దిగా తగ్గుతుంది. తాగేవాళ్ళలో కొందరికి మరీ వేగంగా పడిపోతుంది. అమెరికా, కెనడాలలో సీవోపీడీ ఉన్న వాళ్ళను 11 ఏళ్ళు గమనించిన లంగ్ హెల్త్ స్టడీలో, తాగుతూనే ఉన్న మగవాళ్ళకు ఏడాదికి 66 మిల్లీలీటర్లు తగ్గింది, మొదట్లోనే మానేసి నిలబడిన మగవాళ్ళకు 30 మాత్రమే. ఆ అధ్యయనంలో చేరినప్పుడు వాళ్ళ వయసు 35 నుంచి 60 మధ్య ఉంది కాబట్టి 71 ఏళ్ళ మనిషికి ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. అంచనా కోసం మాత్రం వాడుకోవచ్చు.

ఎనిమిదేళ్ళ తర్వాత, ఆయనకు 79 వచ్చేసరికి, తాగుతూనే ఉంటే 1.3లో సుమారు 530 మిల్లీలీటర్లు పోయి 0.77 లీటరు మిగులుతుంది. ఇప్పుడే ఆపితే 240 పోయి 1.06 మిగులుతుంది. తేడా సుమారు 290 మిల్లీలీటర్లు. కాగితం మీద ఇది టీ గ్లాసు కొలతలా ఉంటుంది. కానీ లీటరుకు కాస్త పైన ఉన్న మనిషి సాధారణంగా మెల్లగా నడిచి గుడికి, పెన్షన్ ఆఫీసుకి వెళ్ళి రాగలడు, తన స్నానం తాను చేయగలడు. ముప్పావు లీటరు దగ్గరికి వచ్చిన మనిషిలో చాలామందికి స్నానం చేసి ఒళ్ళు తుడుచుకునేసరికే కూర్చోవాల్సి వస్తుంది, అన్నం తినేటప్పుడు కూడా మధ్యలో ఊపిరి కోసం ఆగుతారు. మంచంలో పడకూడదు అన్న ఆయన కోరిక ఈ 290 మీద ఆధారపడి ఉంది.

పోయిన ఊపిరితిత్తి తిరిగి రాదు, అది కూడా ఆయనకు నిజాయితీగా చెప్పాలి. చిరిగిపోయిన గాలి గదులు మళ్ళీ మొలవవు. మానేసిన నెలకి మెట్లెక్కితే ఆయాసం మాయమవుతుందని ఆశపెట్టకండి, అలా ఆశపడి నిరాశపడినవాళ్ళే తొందరగా మళ్ళీ మొదలుపెడతారు. జారుడు ఆగదు, వాలు తగ్గుతుంది. అయితే గొట్టాల్లో వాపు, కఫం కొంత తగ్గడం వల్ల మొదటి కొన్ని నెలల్లో చాలామందికి ఊపిరి కాస్త తేలికపడుతుంది, ఉదయం దగ్గు తగ్గుతుంది. పీల్చే మందుల్లో స్టెరాయిడ్ ఉంటే, పొగ తాగేవాళ్ళ కంటే మానేసినవాళ్ళలో అది బాగా పనిచేస్తుంది. చలికాలంలో ఆయాసం తిరగబెట్టి ఆస్పత్రిలో చేరే సందర్భాలు తగ్గుతాయి. సీవోపీడీ మనిషిని దించేసేది ముఖ్యంగా ఆ ఎటాకులే. ఒక్కో ఎటాకు తర్వాత మనిషి మునుపటి మెట్టుకి పూర్తిగా చేరుకోడు.

గుండె, రక్తం విషయంలో మేలు ఇంకా తొందరగా మొదలవుతుంది. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. తునికాకు సరిగా మండదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. ఆ వాయువు రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. ఆపిన ఒకటి రెండు రోజుల్లో అది దాదాపు ఖాళీ అవుతుంది, రక్తం ఆక్సిజన్‌ని మోసే శక్తి అంతమేరకు పెరుగుతుంది. ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటరు చాలా ఇళ్ళలో ఉంది. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ పట్టిన రక్తంగానే లెక్కపెడుతుంది. అందుకే తాగే రోజుల్లో కూడా 95 చూపించి ఉండవచ్చు, మానేశాక కూడా అదే 95 చూపించవచ్చు. "అంకె మారలేదు, ఇంకేం లాభం" అనుకోవద్దు, లోపల మార్పు జరిగింది, ఆ యంత్రానికి కనపడదు.

రక్తం గడ్డకట్టే గుణం కూడా వారాల్లో తగ్గడం మొదలవుతుంది. పొగవల్ల అదనంగా వచ్చే గుండెపోటు ముప్పు ఏడాది తిరిగేసరికి సుమారు సగానికి దిగుతుంది. ఇప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ళలో మానేసినవాళ్ళ మరణాల ముప్పు, మాననివాళ్ళతో పోలిస్తే మూడో వంతుకు పైగా తక్కువని 2003లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష చెప్పింది. షుగర్, బీపీ రెండూ ఉన్న మీ నాన్నగారికి గుండె, మెదడు, కాళ్ళ రక్తనాళాలు అన్నీ ఇదే ముప్పులో ఉన్నాయి. షుగర్ ఉండి పొగ తాగేవాళ్ళ కాలి పుళ్ళు ఎంత మొండిగా మానవో, వేళ్ళు ఎలా పోతాయో సర్జరీ వార్డుల్లో రోజూ చూస్తాం.

ఈ వయసులో ఆపరేషన్ల మాట కూడా మర్చిపోకూడదు. హెర్నియా, ప్రోస్టేట్, జారిపడితే తుంటి ఎముక, ఏదో ఒకటి రావచ్చు. ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు పొగ ఆపితే ఊపిరి సమస్యలు, గాయం చీము పట్టడం తగ్గుతాయి. తుంటి ఎముక విరగడం ముందే చెప్పి రాదు కాబట్టి ఇప్పుడే ఆపినవాళ్ళకే ఆ లాభం.

క్యాన్సర్ దగ్గర మాత్రం లాభం నెమ్మది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగానికి దిగడానికి పదేళ్ళ దాకా పడుతుంది. కాబట్టి మానేశాక కూడా పైన చెప్పిన లక్షణాల మీద కన్నేసి ఉంచాలి.

ఇక ఎలా మానాలి. "తగ్గిస్తాలే, రోజుకు మూడుకి దిగుతా" అని ఆయన బేరం పెడతారు. రోజుకు ఒక్క సిగరెట్ తాగేవాళ్ళకు కూడా, ఇరవై తాగేవాళ్ళకు వచ్చే అదనపు గుండె ముప్పులో దాదాపు సగం ఉంటుంది. మూడుకి దిగినవాళ్ళు ఆ మూడింటినీ మొదలంటా లోతుగా పీలుస్తారు. తగ్గించడాన్ని రెండు వారాల ఏర్పాటుగా ఒప్పుకోండి, ఆ తర్వాత ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా ఆపాలి. బీడీ బదులు ఖైనీ, జర్దా పాన్ మొదలుపెట్టనివ్వకండి, నోటి క్యాన్సర్ దారి అది.

రోజుకు ఇరవై, అందులో మొదటిది నిద్ర లేచిన అరగంటలోపే అయితే, నికోటిన్ మీద గట్టి ఆధారం ఉన్నట్టు. అలాంటి మనిషిని మనోబలంతోనే మానమనడం నాకు న్యాయంగా అనిపించదు. నికోటిన్ ప్యాచ్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. రోజుకు పది దాటి తాగేవాళ్ళకు మామూలుగా 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, తర్వాత 14ది రెండు వారాలు, 7ది రెండు వారాలు వాడతాం. రోజూ ఉదయం వెంట్రుకలు లేని చోట, చోటు మారుస్తూ అంటించాలి. పీడకలలు వస్తుంటే రాత్రి తీసేయవచ్చు. దానితో పాటు ఒక్కసారిగా తపన పుట్టినప్పటికి 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. దీన్ని చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్ళు, కడుపులో మంట వచ్చి పారేస్తారు. మెల్లగా కొన్నిసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకీ చిగురుకీ మధ్య ఆపాలి, చురుకు తగ్గితే మళ్ళీ నమలాలి, అలా అరగంట. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే నికోటిన్ ఒంటికి పట్టదు, పావుగంట ఆగాలి. కట్టుడు పళ్ళుంటే గమ్ అతుక్కుపోతుంది, వాళ్ళకు చప్పరించే బిళ్ళ మేలు.

"గుండెకి నికోటిన్ మంచిది కాదు కదా, ప్యాచ్ వేస్తే ఎలా?" అని ఇంట్లోవాళ్ళు భయపడతారు. ప్యాచ్ నుంచి నికోటిన్ నెమ్మదిగా వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్, తారు అసలే ఉండవు. గుండె జబ్బు నిలకడగా ఉన్నవాళ్ళకు కూడా వాడతాం. ఈమధ్యే గుండెపోటు వచ్చి ఉంటేనే డాక్టరు నిర్ణయానికి వదలాలి. ఇంకో మాట: కాలేయంలో ఆ ఎంజైముని పెంచేది పొగలోని తారు, నికోటిన్ కాదు. కాబట్టి ప్యాచ్ వేసినా డెరిఫిల్లిన్ డోసు తగ్గించాల్సిందే.

మాత్రల్లో వరెనిక్లిన్ బాగా పనిచేస్తుంది, కానీ మూత్రపిండాల పని బాగా తగ్గితే డోసు తగ్గించాలి. షుగర్ మనిషి కాబట్టి ముందు క్రియాటినిన్ చూపించండి. బుప్రోపియాన్ ఫిట్స్ ముప్పుని పెంచుతుంది, థియోఫిల్లిన్ వాడుతున్న ఆయనకు నేనైతే రాయను.

ఆచరణలో ఇలా చేయండి. ఈ వారంలో డాక్టరుకి చూపించి డెరిఫిల్లిన్, ఇన్‌హేలర్, ప్యాచ్ సంగతి తేల్చుకోండి. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో డాక్టరు ఎదుటే ఒకసారి చేసి చూపించమనండి, తప్పుగా పీల్చేవాళ్ళే ఎక్కువ. అక్కడి నుంచి పది రోజులకు తేదీ పెట్టుకోండి, పండగ, పెళ్ళి లేని రోజు చూసుకోండి. ఆ ముందు రాత్రి కట్టలు, అగ్గిపెట్టెలు ఇంట్లోంచి తీసేయండి. పొద్దున కాఫీ, భోజనం తర్వాత, సాయంత్రం అరుగు మీద స్నేహితులతో కూర్చునే వేళ, ఈ మూడింటికీ ముందే గమ్ చేతికందేలా ఉంచండి. ఆ అరుగు మీది స్నేహితులకు మీరే వెళ్ళి, నెల రోజులు ఆయనకు బీడీ ఇవ్వొద్దని చెప్పండి. తపన ఒక్కోసారి వస్తే కొద్ది నిమిషాలే ఉంటుంది, లేచి నాలుగు అడుగులు వేస్తే దాటిపోతుంది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలని అడగండి.

మధ్యలో ఒకటి తాగేస్తే గొడవ చేయకండి. ప్యాచ్ తీయకుండా ఆ పూట నుంచే మళ్ళీ కొనసాగించాలి. ఎక్కడ, ఎవరితో, ఏ వేళ తాగారో మాత్రం అడిగి తెలుసుకోండి, రేపు ఆ వేళకి ఏం చేయాలో అక్కడే తెలుస్తుంది.

ఇప్పటి ఊపిరి పరీక్ష కాగితం జాగ్రత్తగా దాచండి. ఏడాది తర్వాత, జలుబు దగ్గు లేని సమయంలో, వీలైతే అదే చోట మళ్ళీ చేయించి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పరీక్షలో ఒక సారికీ ఇంకో సారికీ వంద, నూటయాభై మిల్లీలీటర్ల తేడా మామూలే, కాబట్టి ఒక్క అంకె చూసి కంగారు పడవద్దు. మూడు నాలుగేళ్ళ కాగితాలు వరసగా పెడితేనే వాలు తెలుస్తుంది. డెరిఫిల్లిన్ ఏ మోతాదులో, రోజుకు ఎన్నిసార్లు వేసుకుంటున్నారో ఇక్కడ రాస్తే, డాక్టరుని ఏం అడగాలో ఇంకొంచెం స్పష్టంగా చెప్పగలను.